పాత్రలు మారవు

మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. నా పేరు లోసెలి. టోంగాలో, హాపాయ్ దీవుల్లోని మా ఊరి చర్చిలో సండే స్కూలు నడుపుతున్నాను. ఊళ్ళో నలభై దాటని ప్రతివాడూ నా చేత చెవి మెలిపెట్టించుకున్నవాడే. మే నెల మొదటి ఆదివారం మాకు ఫకామే, పిల్లల పండుగ. ఆ రోజు చర్చి పిల్లలది. చిన్నవాళ్ళు వాక్యాలు అప్పజెబుతారు, పెద్దపిల్లలు బైబిలు కథ ఆడి చూపిస్తారు, తల్లులు కళ్ళు తుడుచుకుంటారు, ఆ తర్వాత ఊరంతా కూర్చుని కాల్చిన పందిని తింటుంది. ఈసారి అబ్రాహాము, శారాల కథ ఎంచుకున్నాను. అబ్రాహాముగా చర్చి పెద్ద ఫిలీపె కొడుకు ఇసిలేలి. శారాగా ఇనోకె కూతురు లాతాయ్. ఇద్దరివీ పన్నెండు, పదమూడేళ్ళ వయసులు. తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెడితే అందరూ బొటనవేలు ఎత్తారు, ఫిలీపె తప్ప. మంగళవారం ప్రాక్టీసు అయ్యాక అతను వానలో నా గేటు దగ్గర నిలబడి, "ఆ జంటను మార్చండి టీచర్," అన్నాడు. ఎందుకయ్యా అంటే గొడుగు నా గేటుకే తగిలించి మర్చిపోయి, తడుస్తూ వెళ్ళిపోయాడు.

ఆ మెసేజ్‌లో నేను ఏం రాశానో మీరూ చూడాలి. తర్వాత పడిన పాట్లన్నీ దానివల్లే.

"సండే స్కూలు పిల్లల తల్లిదండ్రులకు, అమ్మమ్మలకు, తాతలకు, పిల్లల్ని పెంచుతున్న మేనత్తలకు నమస్కారం. ఈస్టరు అయిపోయింది కాబట్టి ఇక ఫకామే పని. మంగళవారం, గురువారం సాయంత్రం ఐదింటికి చర్చి హాల్లో అందరికీ ప్రాక్టీసు. శనివారం పొద్దున నాటకం పిల్లలకు మాత్రమే. చివరి వారం రోజూ ఉంటుంది. ఐదంటే ఐదే. ఐదున్నరకు పిల్లను దింపి, పందులకు కుడితి పెట్టి వచ్చానంటే ఒప్పుకోను. బడికి పోని బుడతలకు ఒక్క చిన్న వాక్యం. పదేళ్ళలోపు వాళ్ళకు మూడు. ఆపైవాళ్ళకు ఒక పూర్తి భాగమో, నాటకంలో పాత్రో. అంతా నోటికి రావాలి, చేతిలో కాగితం కనిపించకూడదు. బెంచీలో కూర్చుని పెదవులు ఆడించి అందించే తల్లులు నాకు కనిపిస్తూనే ఉంటారు, జాగ్రత్త. మూడు ప్రాక్టీసులు మానేసిన వాళ్ళు పాటలో మాత్రమే నిలబడతారు. పిల్లల టీ, బ్రెడ్డు ఇంటికొక వంతు. మీ వంతు ఎప్పుడో కింద చూసుకోండి. బట్టలు తెల్లవి, వాటి మీద నడుముకు చుట్టుకునే చాప తప్పనిసరి. కొత్తవే కానక్కర్లేదు, ఉతికి ఇస్త్రీ చేసినవి చాలు. ఆక్లండ్‌లోనూ సిడ్నీలోనూ ఉన్న బంధువుల కోసం ఫోన్లో చూపించుకోండి, కానీ కెమెరాకు కనబడాలని పిల్లను ముందు వరసలోకి తోయకండి. ఇంటి దగ్గర రాత్రి ప్రార్థన అయ్యాక రోజూ ఒకసారి అప్పజెప్పించుకోండి. అది నా పని కాదు, మీ పని. కింద ఇచ్చిన పాత్రలు మారవు. నాతో వాదనకు రావద్దు."

ఆ చివరి మాట ఊరికే రాయలేదు. పోయిన ఏడాది రాణి వేషం కోసం ఇద్దరు తల్లులు హాల్లోనే జుట్లు పట్టుకోబోయారు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఒకసారి రాశానంటే ఆ దేవుడొచ్చి చెప్పినా మార్చనని.

అసలు పాత్రలు పంచడమంటే మా ఊళ్ళో తమాషా కాదు. ఎవరిని తట్టినా ఎవరికో ఒకరికి అన్నో, చెల్లెలో అవుతారు. పినతండ్రి పిల్లలు, మేనమామ పిల్లలు, వాళ్ళ పిల్లలు, అందరూ మాకు అన్నాచెల్లెళ్ళే. చెల్లెలు పడుకునే గదిలో అన్న అడుగు పెట్టడు. చెల్లెలు కూర్చున్న చోట ఎవడైనా పచ్చి జోకు వేస్తే అన్న లేచి వెళ్ళిపోతాడు. అలాంటిది అన్నాచెల్లెళ్ళను దేవుడి ఎదుట మొగుడూ పెళ్ళాలుగా నిలబెడితే, ఊరు మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? అందుకే నాటకంలో జంట ఉందంటే ముందు ముసలమ్మల దగ్గర కూర్చుని వంశాలు తవ్వి చూస్తాను. ఇసిలేలి పక్కన ఏ అమ్మాయి పేరు చెప్పినా "చెల్లెలు" అన్నారు. లాతాయ్ ఒక్కతే ఏమీ కాదన్నారు. ఇనోకె పక్క దీవి నుంచి వచ్చినవాడు, పెళ్ళాం వాసితీది అంతకన్నా దూరపు దీవి. హమ్మయ్య, ఒక్క పిల్లయినా దొరికిందని సంబరపడ్డాను. ఎంత పిచ్చిదాన్ని!

గురువారం సాయంత్రం వాన ఆగలేదు. రేకుల మీద ఆ చప్పుడుకు పిల్లలు గొంతు చించుకుంటే తప్ప వినపడటం లేదు. గుడారం బదులు రెండు చాపలు తాడు మీద వేలాడదీశాను. ముగ్గురు అతిథులు వచ్చి, వచ్చే ఏటికి నీ భార్యకు కొడుకు పుడతాడని అబ్రాహాముతో చెబుతారు. చాప వెనక శారా వింటుంది, నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే లాతాయ్‌ని ఎంచుకున్నాను. ఆ పిల్ల నోరు మూసుకుని, ముక్కుతో నవ్వి, తర్వాత భయపడి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేను నేర్పింది కాదు అది.

"నేను ముసలిదాన్ని, మా ఆయన ముసలాడు. ఇప్పుడు నాకు బిడ్డేమిటమ్మా!" అంది చాప వెనక నుంచి.

"నవ్వావు కదూ?" అన్నాడు ఇసిలేలి, కర్ర నేలకేసి కొట్టి.

"నేను నవ్వలేదండీ."

"నవ్వావు! ముక్కుతో!" అని అరిచాడు కెపువేలి. వాడు మూడో అతిథి. వాడికి ఉన్నవి రెండే మాటలు, కానీ అందరి మాటలూ వాడి నోటికి వచ్చు. పిల్లలంతా విరగబడి నవ్వారు.

బ్రెడ్డు పంచేటప్పుడు మళ్ళీ వాడే మొదలుపెట్టాడు. "ఏయ్ శారా, నీ మొగుడు నీ కోసం బ్రెడ్డు దాచాడు! తిని కానుపు కానియ్యి!"

ఇసిలేలి చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో ఉన్న ముక్క నిజంగానే దాచింది. అయినా వెళ్ళి లాతాయ్‌కి ఇచ్చాడు. ఆ పిల్ల తల వంచుకుని తీసుకుంది. ఇద్దరూ పక్కపక్కన బెంచీ మీద కూర్చుని వాన చూస్తూ తిన్నారు. ఎవరికైనా ముద్దొచ్చే దృశ్యమే. నేను కెపువేలి నెత్తిన ఒక్కటిచ్చి తలెత్తేసరికి, హాలు గుమ్మంలో ఫిలీపె నిలబడి ఉన్నాడు. మొహం చూస్తే జ్వరం వచ్చినవాడిలా ఉన్నాడు.

పిల్లలందరూ వెళ్ళేదాకా ఆగాడు. నేను చాపలు చుట్టుకుంటున్నాను.

"గొడుగు కోసమా? ఇదుగో, ఇక్కడే పెట్టాను."

"మార్చారా టీచర్?"

"ఏం మార్చాలి? పండుగ పది రోజుల్లోకి వచ్చింది. మీ ఆవిడ అమేలీయా అబ్రాహాముకి అంగీ కుట్టేసింది, మెడ దగ్గర కుట్లు సహా నాకు ఫోటో పంపింది. ఇప్పుడొచ్చి మార్చు, మార్చు అంటే ఎలాగయ్యా?"

"మావాడిని అబ్రాహాముగానే ఉంచండి. శారాగా ఇంకొకరిని పెట్టండి. ఆ పిల్లను పాటలో నిలబెట్టండి, చాలు."

నాకు ఒళ్ళు మండింది. చుట్టుతున్న చాప కింద పడేశాను.

"ఓహో, అదా సంగతి! చర్చి పెద్దగారి కొడుకు పక్కన ఆస్ట్రేలియా పళ్ళ తోటల్లో కూలికి పోయేవాడి కూతురు నిలబడకూడదు. అంతేనా? ఆదివారం పీఠం ఎక్కి అందరూ దేవుడి ముందు సమానమని నువ్వు చెప్పిన ప్రసంగం నేను విన్నాను. దరిద్రుడా, నీకు వాక్యం నేర్పింది నేను!"

"అయ్యో, అది కాదు టీచర్. ఒట్టు."

"మరేమిటి? నోరు తెరిచి చెప్పు. వాసితీ కూడా మొన్న వచ్చి, మా పిల్లకు గొంతు బాగాలేదు, పాటలో వేసెయ్యండి అని గొణిగింది. గొంతు శుభ్రంగా ఉందని, పాత్రలు మారవని రాశాను కదా అని గదిమి పంపాను. ఇప్పుడు నువ్వు. మీరందరూ కలిసి ఆ పిల్ల మీద పడ్డారేమిటి?"

వాసితీ పేరు వినగానే ఫిలీపె బెంచీ మీద కూలబడ్డాడు. ఇందాక పిల్లలు కూర్చున్న బెంచీయే. బ్రెడ్డు పొడి ఇంకా అక్కడే ఉంది.

"చిన్నప్పుడు బైబిలు క్విజ్‌లో మీరు నన్నొక ప్రశ్న అడిగారు, గుర్తుందా?" అన్నాడు. "అబ్రాహాము గెరారు దేశం వెళ్ళి, అక్కడి రాజుతో శారా తనకేమవుతుందని చెప్పాడు అని."

"నాకు చర్చలు వద్దు ఫిలీపె."

"చెప్పండి టీచర్. ఏమవుతుందని చెప్పాడు?"

"చెల్లెలని చెప్పాడు. చంపేస్తారని భయం."

"నేను అదే రాసి, పక్కన 'అబద్ధం' అని కూడా రాశాను. మీరు సున్నా వేశారు. ఎందుకు వేశారు?"

"ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు కాబట్టి. రాజు నిలదీసినప్పుడు అతనే ఒప్పుకుంటాడు కదా, నిజంగానే చెల్లెలు అని. ఇద్దరికీ తండ్రి ఒక్కడే, తల్లులే వేరు..."

నా నోరు అక్కడే ఆగిపోయింది.

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు నేర్పుతున్న మాట. నిద్రలో లేపినా చెబుతాను. ఫిలీపె తల ఎత్తలేదు. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి, ఇందాక కొడుకు చెవుల్లాగే. చిన్నప్పుడు అబద్ధమాడి దొరికితే వాడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. చాప వెనక నుంచి లాతాయ్ పెట్టుకున్నట్టే. ఇన్నాళ్ళూ నా కళ్ళు ఏ చెట్టెక్కి కూర్చున్నాయో!

"ఓరి దేవుడా," అన్నాను. నేనూ చాపల మీదే కూర్చున్నాను. "ఎవరెవరికి తెలుసు?"

"వాసితీకి. నాకు. ఇప్పుడు మీకు."

"ఇనోకెకి?"

"తెలీదు. అప్పుడు వాడు మొదటిసారి ద్రాక్ష కోతలకు ఆస్ట్రేలియా వెళ్ళాడు. సెలవుకొచ్చి వెళ్ళిన నెలలోనే... ఎవరికీ అనుమానం రాలేదు. వాసితీ ఒక్కసారే చెప్పింది నాకు. చెప్పి, ఇక మా గుమ్మం తొక్కొద్దంది. తొక్కలేదు. అమేలీయా కడుపుతో పుట్టింటికి వెళ్ళిన రోజులు టీచర్ అవి. నేను..."

"చాలు. ఆ రోజుల గురించి నాకు చెప్పకు. విననని చెబుతున్నాను."

విన్నదానికే అసహ్యం వేసింది. ఇంకా విసుగేమిటంటే, వాణ్ణి పూర్తిగా అసహ్యించుకోవడం నాకు చేతకావడం లేదు. బొటనవేలు చీకుతూ నా ఒడిలో కూర్చుని మొదటి వాక్యం నేర్చుకున్నవాడు వీడు.

"దేవుడి ఎదుట, ఊరి ఎదుట, ఆ ఇద్దరినీ మొగుడూ పెళ్ళాలుగా ఎలా నిలబెట్టను?" అన్నాడు. "ఆ రోజు పీఠం పక్కన కూర్చునేది నేను. ఆశీర్వాదం చెప్పేది నేను. మీరు ఇందాక చూశారుగా, బ్రెడ్డు దాచి ఇచ్చాడు. ఇవాళ నాటకం. నాలుగేళ్ళు పోతే? ఎవడు చెబుతాడు వాళ్ళకి?"

పాత్ర సంగతి పక్కన పెట్టండి. ఆ ఇద్దరి మధ్యా లేని చనువును కూర్చోబెట్టి మరీ పుట్టించింది నేను. వారానికి మూడుసార్లు, టైమంటే టైముకి.

"కథే మార్చేద్దాం," అన్నాడు. "మోషే కథ పెట్టండి. మొగుడూ పెళ్ళాలు లేని కథ."

"పది రోజుల్లో? అందరూ నోటికి పట్టేశారు. ఊరంతా ఎందుకని అడుగుతుంది. కథ మొత్తం మార్చానంటే కారణం పెద్దదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది."

"అందుకే అంటున్నా, ఆ పిల్లను పాటలోకి..."

"నోర్ముయ్! ఆ పిల్ల అంటావేం? దానికి పేరుంది. తండ్రి వస్తున్నాడని క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటోంది అది. ఇనోకె పండుగ ముందు శనివారం దిగుతున్నాడు, కూతురు శారాగా నిలబడితే చూడాలని కోత అయ్యీ అవకముందే టిక్కెట్టు కొనుక్కున్నాడు. వచ్చేసరికి పిల్ల వెనక వరసలో నిలబడి పాట పాడుతుంటే ఏం చెబుతుంది తండ్రికి? నేను సరిగ్గా చెయ్యలేదు నాన్నా అని చెబుతుంది. తప్పు చేసింది నువ్వు, వెళ్ళేది అది. ఏం, అబ్రాహాము బిడ్డతో సహా వెళ్ళగొట్టిన దాసి హాగరు పాత్ర ఇమ్మంటావా దానికి? రొట్టె, నీళ్ళ తిత్తి చేతికిచ్చి ఎడారిలోకి తోలేద్దామా?"

ఫిలీపె రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వాన తగ్గింది కాబట్టి ఆ ఏడుపు నాకు బాగానే వినపడింది. జాలి పడలేదని చెప్పను. పడ్డాను. కానీ లేచి వెళ్ళి భుజం తట్టలేదు.

"నీ కొడుకును తప్పిస్తాను," అన్నాను.

చటుక్కున తలెత్తాడు. "ఇసిలేలిని? వాడు ఒక్క ప్రాక్టీసు మానలేదు టీచర్. అమేలీయాకి ఏం చెప్పను? ఆక్లండ్ నుంచి వాళ్ళ అక్కలు ఫోన్లో చూడటానికి..."

"అది నువ్వు ఆలోచించుకో. వాణ్ణి మూడో అతిథిని చేస్తాను. కెపువేలి అబ్రాహాము అవుతాడు, వాడికన్నీ నోటికి వచ్చు. కెపువేలికి లాతాయ్ ఏమీ కాదని..." మాట మధ్యలో మింగాను. "ఏమీ కాదు కదా?"

వాడు మొహం మాడ్చుకుని, "కాదు టీచర్," అన్నాడు. అలా అడగాల్సి వచ్చినందుకు నాకూ సిగ్గేసింది.

"ఇసిలేలి కూడా ఏ పాపం ఎరగడు," అన్నాడు గుమ్మం దాకా వెళ్ళి.

"తెలుసు. ఇద్దరిలో ఒకరికి దెబ్బ తగలాలంటే, తండ్రి పక్కన ఉన్నవాడికి తగలనీ. నువ్వు ఉన్నావుగా, వాణ్ణి ఓదార్చుకో."

ఈసారి కూడా గొడుగు మర్చిపోయి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున ఫోను తీసి రాయడం మొదలుపెట్టాను, చెరిపాను, మళ్ళీ రాశాను. చివరికి పెట్టింది ఇది:

"తల్లిదండ్రులకు. పాత్రలు మారవని రాసింది నేనే, మారుస్తున్నదీ నేనే. అబ్రాహాము: కెపువేలి. మూడో అతిథి: ఇసిలేలి. ఇసిలేలి తప్పేమీ లేదు, అతను చక్కగా నేర్చుకున్నాడు. ఇది టీచరు నిర్ణయం. మిగతా అంతా ముందు రాసినట్టే. శనివారం తొమ్మిదింటికి నాటకం పిల్లలు రావాలి. బ్రెడ్డు వంతు కెపువేలి వాళ్ళది."

ఎవరూ బొటనవేలు ఎత్తలేదు. అందరూ చూశారని మాత్రం ఫోను చెబుతోంది. కాసేపటికి ఒక తల్లి, "అయితే మా పిల్లను కూడా పాటలోంచి నాటకంలోకి మార్చొచ్చా టీచర్?" అని పెట్టింది. ఇంకొకామె, "మారవన్నారుగా," అని మూడు ఏడుపు మొహాలు పెట్టింది. కెపువేలి వాళ్ళమ్మ, "మావాడా? నిజంగా మావాడేనా?" అంది. అమేలీయా ఏమీ పెట్టలేదు.

మధ్యాహ్నం బడి వదిలాక ఇసిలేలి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. అబ్రాహాము కర్రను గోడకు ఆనించాడు. వాడే చెక్కుకున్న కర్ర అది, చేతిపట్టు దగ్గర ఇసుక కాగితంతో నున్నగా చేసుకున్నాడు.

"కెపువేలి పొట్టివాడు టీచర్," అన్నాడు. "కింద కొంచెం కొయ్యాలి. లేకపోతే గడ్డానికి తగులుతుంది."

"ఇసిలేలీ, ఇలా చూడు నాన్నా."

"నేను నవ్వావు కదూ అనేది గట్టిగా అంటున్నానా? అందుకా?"

"కాదు. నువ్వు బాగా చేశావు. అందరికన్నా బాగా చేశావు."

"మరి?"

నేను ఏం చెప్పను? సండే స్కూలు టీచర్ని. అబద్ధమాడకూడదని ఆ పిల్లాడికి నేర్పినదాన్ని. తల నిమిరాను. వాడు తల వెనక్కి తీసుకోలేదు. వాన నీళ్ళు తప్పించుకుంటూ గేటు దాటాడు. ఆ వీపు చూస్తూ నేను చాలాసేపు గుమ్మంలోనే ఉండిపోయాను. నాకు ఏడుపొచ్చింది. కర్ర తీసి తలుపు వెనక పెట్టాను.

సాయంత్రం ఫోను మోగింది. వాయిస్ మెసేజ్. ఇనోకె దగ్గర్నుంచి, నా ఒక్కదానికే. నాకు చెవులు కాస్త మందం, అందుకే శబ్దం పూర్తిగా పెంచి బల్ల మీద పెట్టి నొక్కాను. వెనకాల ఏదో ట్రాక్టరు చప్పుడు.

"టీచరమ్మా, నేను ఇనోకెని. తోటలో ఫోన్లు పట్టుకోనివ్వరు, ఇప్పుడే చూశాను. మార్చినందుకు మీకు పుణ్యముంటుంది. మొదటి మెసేజ్ చూసిన దగ్గర్నుంచీ నాకు తిండి సయించలేదు. నేనే అడుగుదామనుకున్నాను. పాత్రలు మారవని రాశారు, అడిగితే ఎందుకని అడుగుతారు, ఏం చెప్పను? తెల్లారి లేస్తే అదే ఆలోచన. ఫిలీపె కొడుకు పక్కన మా పిల్లను అలా నిలబెట్టకూడదు టీచరమ్మా. మీకెలా తెలిసిందో నేను అడగను. పాపకి మాత్రం తెలియనివ్వకండి. అది నా కూతురే. పండుగ ముందు శనివారం వస్తున్నాను."

ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. వాడికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలిసే, సముద్రం దాటి కోతలకు పోయి, ఆ పిల్లకు బడి చెప్పులు కొని పంపాడు.

అప్పుడు వెనక ఏదో కదిలినట్టయింది.

అమేలీయా గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. చెప్పులు బయట విప్పి, తడి కాళ్ళతో మెట్టు మీద నిలబడి ఉంది. చేతుల్లో ఇస్త్రీ చేసి మడతపెట్టిన తెల్లంగీ. నాతో పోట్లాడటానికి వచ్చినట్టుంది, బుగ్గలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కళ్ళలో మాత్రం పోట్లాట లేదు. ఆమె బల్ల మీది ఫోను వైపు చూస్తోంది. మా ఊరి ఆడదానికి, ఏ ఇద్దరు పిల్లల్ని జంటగా నిలబెట్టకూడదో ఒకరు చెప్పాలా?

"కూర్చో అమేలీయా," అన్నాను.

కూర్చోలేదు. అంగీని నెమ్మదిగా బల్ల మీద, ఫోను పక్కనే పెట్టింది. మెడ దగ్గర కుట్టిన కుట్లను ఒకసారి వేలితో సవరించింది.

"మా ఇసిలేలికి ఆ పిల్ల ఏమవుతుంది టీచర్?"